అల్యూమినియం కుక్కరు అడుగున మాడిన నలుపు తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నవన్నీ కుక్కరు బయటి అడుగు గురించిన ప్రశ్నలు. లోపల అన్నమో పప్పో మాడితే చేసే పని వేరు. అందులో కొంచెం మాత్రమే, అవసరమైన చోట, ఇక్కడ వస్తుంది.

అడుగున ఉన్న నలుపంతా ఒకటేనా?

కాదు. పీచు చేతికి తీసుకునే ముందు అది ఏ నలుపో తేల్చుకోవాలి. మూడు రకాలు ఉంటయి, మూడింటికీ మందు వేరు.

ఆరిన అడుగును పొడి వేలితో రుద్ది చూడండి. వేలికి మెత్తగా, కాటుకలాగ అంటుకుంటే అది మసి. కట్టెల పొయ్యి మీద పెట్టినా, గ్యాసు మంట పసుపుగా మండుతున్నా వచ్చేది ఇదే. సబ్బు నీళ్ళకు పోతుంది.

వేలికి ఏమీ అంటకుండా, గోటితో గీకితే గోరు జారుతూ, వెలుతురుకు పట్టి చూస్తే ముదురు గోధుమ రంగు మెరుపు కనిపిస్తే అది మాడు. విజిల్ దగ్గర పొంగిన పప్పు నురుగు, గంజి, చేతి జిడ్డు, తాలింపు నూనె చుక్కలు కుక్కరు పక్క నుంచి కిందికి జారి, మంట సెగకు కాలి గట్టిపడితే ఈ పొర తయారవుతుంది. నూనె వేడికి ముందు జిగురుగా మారి, తర్వాత వార్నిషులాగ బిగుసుకుంటుంది. దాని మీద మరునాటి చుక్క, దాని మీద ఇంకొకటి. కుక్కరు తిప్పి చూస్తే ఇది అడుగు మధ్యలో కంటే అంచు మలుపు దగ్గర దళసరిగా ఉంటుంది. జారిన చుక్కకు మొదట సెగ తగిలేది అక్కడే మరి. మనల్ని ఏడిపించేది ఈ రెండో రకమే.

మూడోది అసలు పొరే కాదు. గోటికి ఏ అంచూ తగలదు, గీకితే ఏమీ రాలదు, లోహమే బూడిద రంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది. సోడా, బూడిద లాంటి క్షారాలు అల్యూమినియాన్ని తగిలితే ఇట్లా అవుతుంది. దీన్ని ఎంత తోమినా లాభం లేదు, పులుపు పెడితేనే విరుగుతుంది.

మా కుక్కరు కొన్ననాడే నల్లగా ఉంది. దాన్ని కూడా తోమాలా?

వద్దు. అది హార్డ్ ఎనోడైజ్డ్ కుక్కరు. పక్కలు, అడుగు అంతా ఒకే రకం ముదురు బూడిద రంగులో ఉంటే ఆ రంగే దాని రక్షణ పొర. స్టీలు పీచు, ఉప్పు కాగితం, సోడా ముద్ద ఏదీ దానికి పనికిరాదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో అరగంట ఉంచి నైలాను పీచుతో రుద్దండి, వచ్చినంత వస్తుంది. కింద చెప్పే పద్ధతి మామూలు తెల్ల అల్యూమినియం కుక్కరుకే.

ఇండక్షన్ అడుగు ఉన్నదైతే కింద స్టీలు పలక అతికించి ఉంటుంది. పలక మీద పని చేయవచ్చు కానీ, పలక అంచుకూ అల్యూమినియానికీ మధ్యనున్న సందులో సోడా నీళ్ళు నిలవనీయకండి.

మొత్తం పని మొదటి నుంచి చివరి వరకు ఎట్లా చెయ్యాలి?

5 లీటర్ల మామూలు అల్యూమినియం కుక్కరు, రెండేండ్లుగా అడుగు సరిగ్గా తోమనిది, అంచున గోధుమ నలుపు పొర బిగుసుకున్నది అనుకుందాం. కావలసినవి: వంటసోడా (కిరాణా కొట్లో తినే సోడా అని అడిగితే ఇచ్చేది) 3 పెద్ద చెంచాలు, గిన్నెలు తోమే ద్రవం, కొబ్బరి పీచు, ఒక స్టీలు పీచు, పాత ప్లాస్టిక్ కార్డు లేదా వెదురు ముక్క, నిమ్మకాయంత చింతపండు, కుక్కరు పట్టేంత వెడల్పున్న గట్టి ప్లాస్టిక్ టబ్బు.

మూత, రబ్బరు, విజిల్ తీసి పక్కన పెట్టండి. ఈ పనిలో మూతకు పాత్ర లేదు. సోడా నీళ్ళు సేఫ్టీ వాల్వు దగ్గరికి పోనేకూడదు.

మొదట మసి. కుక్కరు పూర్తిగా చల్లారిన తర్వాత పాత వార్తాపత్రికను కొంచెం తడిపి అడుగు తుడవండి. పొడిగా తుడిస్తే మసి ఎగిరి ముక్కులోకి, బట్టల మీదికి పోతుంది. కాగితానికి నలుపు రావడం ఆగేదాకా తుడిచి, సబ్బు నీళ్ళతో ఒకసారి కడగండి. ఇది చేయకుండా సోడా పూస్తే సోడా మసికి అంటుకుంటుందే గానీ మాడు పొర దాకా పోదు.

తర్వాత నానబెట్టడం. టబ్బులో నాలుగు వేళ్ళ ఎత్తు వేడి నీళ్ళు పోసి, రెండు చెంచాల గిన్నెల ద్రవం కలిపి, అందులో కుక్కరును మామూలుగా నిలబెట్టండి. కుక్కరు లోపల కూడా సగం దాకా వేడి నీళ్ళు పోయండి. రెండు ఉపయోగాలు: ఖాళీ కుక్కరు తేలిపోకుండా అడుగు నీళ్ళలో మునిగి ఉంటుంది, లోపలి వేడి అడుగును చాలాసేపు వెచ్చగా ఉంచుతుంది. అరగంట చాలు. ఆ తర్వాత ప్లాస్టిక్ కార్డు అంచుతో అంచు మలుపు వెంట ఏటవాలుగా నెట్టండి. పైపొర పెళుసుగా, చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. కత్తి, స్క్రూడ్రైవరు వాడకండి. అల్యూమినియం మెత్తని లోహం, లోతుగా గీరుకుపోతుంది, ఆ గీరల్లోనే రేపటి జిడ్డు పట్టుకుంటుంది.

ఇప్పుడు సోడా ముద్ద. 3 పెద్ద చెంచాల వంటసోడాలో 1 పెద్ద చెంచా నీళ్ళు, అర చెంచా గిన్నెల ద్రవం కలిపితే ఇడ్లీ పిండి కంటే గట్టిగా వస్తుంది. జారిపోతుంటే ఇంకాస్త సోడా వేయండి. కుక్కరు బోర్లించి, నలుపు ఉన్న చోటే రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూయండి. పైన తడి బట్ట కప్పండి. ఆరిపోయిన సోడా వట్టి పొడే, పని చేయదు. 20 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 30. మధ్యలో 15 నిమిషాలకు ఒక మూల తుడిచి చూడండి. శుభ్రంగా ఉన్న లోహం మసకబారుతున్నట్టు కనిపిస్తే అప్పుడే కడిగేయండి.

తోమేటప్పుడు ముద్దను తీసేయకుండా దాని మీదే కొబ్బరి పీచుతో గుండ్రంగా, ఒకే దిక్కుకు రుద్దండి. ముద్ద గోధుమ రంగుకు తిరిగిందంటే మాడు కరిగి వస్తున్నట్టే. కడిగి చూసి, మిగిలిన మచ్చల మీద మాత్రం స్టీలు పీచు వాడండి. పక్కల మెరుగు మీద స్టీలు పీచు తగలనీయకండి, ఆ గీతలు మళ్ళీ పోవు.

ఒక్క రోజులో అంతా పోదు. 5 లీటర్ల కుక్కరు మీద రెండేండ్ల పొరకు రెండు మూడు విడతలు పడుతుంది. ఒకే రోజు రెండు గంటలు నానబెట్టే కంటే రోజు విడిచి రోజు అరగంట పని చేయడమే మంచిది. సమయం పెంచితే మాడు కంటే ముందు లోహం దెబ్బతింటుంది.

చివర చింతపండు. అర గ్లాసు వేడి నీళ్ళలో నానబెట్టి పిసికి, ఆ గుజ్జు అడుగంతా రుద్ది 5 నిమిషాలు ఉంచి కడగండి. సోడా వల్ల వచ్చిన మసక దీంతో పోతుంది. వెంటనే పొడి బట్టతో తుడిచి ఆరబెట్టండి.

ఇంతా చేసినా అంచున గింజంత మచ్చలు మొండికేస్తే హార్డువేర్ షాపులో దొరికే నీళ్ళలో వాడే ఉప్పు కాగితం, 400 నంబరుది, చిన్న చెక్క ముక్కకు చుట్టి తడిగా రుద్దండి. 80, 120 నంబర్ల గరుకు కాగితం లోహాన్నే తినేస్తుంది. వెల్డింగ్ షాపులో గ్రైండరుతో రుద్దించుకోవడం అస్సలు వద్దు. ఒత్తిడిని ఆపే పాత్ర ఇది, అడుగు ఒక చోట పలచబడితే మళ్ళీ కూడదీయలేం.

వంటసోడా బదులు బట్టల సోడా వాడితే తొందరగా పోతుంది కదా?

స్టీలు గిన్నెకైతే అవును. అల్యూమినియానికి అదే గండం.

అల్యూమినియం పైన కంటికి కనిపించని పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. లోహాన్ని కాపాడేది అదే. బట్టల సోడా గట్టి క్షారం. ఆ పొరను కరిగించి కింది లోహంతో కలబడుతుంది. దగ్గర నుంచి చూస్తే తెలిసిపోతుంది: బట్టల సోడా కలిపిన వేడి నీళ్ళలో అల్యూమినియం పెడితే కాసేపటికి లోహం మీద సన్నని బుడగలు వరుసగా లేస్తయి. ఆ బుడగలు మీ లోహం కరుగుతున్న గుర్తు, వచ్చేది హైడ్రోజన్. రాత్రంతా వదిలేస్తే పొద్దున్నే అడుగు ముదురు బూడిద రంగుకు తిరిగి, చేత్తో రాస్తే పొడి రాలుతూ, అక్కడక్కడ సూది మొన గుంటలు పడి ఉంటుంది. రంగు చింతపండుతో కొంత పోతుంది, గుంటలు పూడవు.

మోరీలో పోసే కాస్టిక్ సోడా ఇంకా ఘోరం. అదే పని నిమిషాల్లో చేస్తుంది, కండ్లలో పడితే చూపుకే ప్రమాదం. తాంబూలంలో వేసుకునే సున్నం, గోడల సున్నం కూడా క్షారాలే, దూరంగా ఉంచండి. బాత్రూం యాసిడ్ మరో వైపు నుంచి అదే నాశనం చేస్తుంది.

వంటసోడాను కూడా నీళ్ళలో వేసి గంటసేపు మరిగించకూడదు. ఎక్కువసేపు కాగితే అది విరిగి బట్టల సోడాగానే మారుతుంది. అందుకే పైన మరిగించమని ఎక్కడా చెప్పలేదు.

సోడా మీద నిమ్మరసం పోస్తే బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగుకు మాడు లేవదా?

లేవదు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి చంపుకొని, మిగిలేది కొంచెం ఉప్పు నీళ్ళు. నురుగు చూడటానికి బాగుంటుంది, బిగిసిన పొరను అది కదిలించలేదు. సోడా పని సోడా చేయనివ్వండి, కడిగిన తర్వాత పులుపు పెట్టండి.

పులుపు ఒక్కటే రుద్దినా మాడు పోదు. చింతపండు ఇత్తడి బిందెను మెరిపిస్తుంది కదా అని కుక్కరు మాడు మీద గంట రుద్దేవాళ్ళున్నరు. పులుపు కరిగించేది లోహం మీది ఆక్సైడును. మాడు అంటే కాలిన నూనె, బొగ్గు. వాటి మీద పులుపుకు పట్టు లేదు. చుట్టూ ఉన్న లోహం తెల్లబడి, మధ్యలో నలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బూడిద, ఇటుక పొడి, ఇసుకతో తోమవచ్చా?

కట్టెల బూడిద జల్లెడ పట్టి, తడి కొబ్బరి పీచుకు అద్దుకొని తోమితే మసికి బాగా పనిచేస్తుంది. అందులో సన్నని గరుకూ ఉంది, జిడ్డును పట్టే క్షారమూ ఉంది. ఆ క్షారం వల్లనే తోమిన వెంటనే కడగాలి. బూడిద పూసి బోళ్ళన్నీ ఒక పక్కకు పెట్టి తర్వాత కడుగుదాం అనుకుంటే అల్యూమినియం నల్లబడుతుంది. జల్లెడ పట్టని బూడిదలో బొగ్గు రవ్వలు, మట్టి గడ్డలు ఉంటయి, అవి గీతలు పెడతయి. ఇటుక పొడి, ఇసుక మన అమ్మమ్మలు మందమైన పాత్రలకు వాడినవి. కుక్కరుకు వద్దు.

ఖాళీ కుక్కరు పెద్ద మంట మీద పెడితే మాడు కాలి రాలిపోతుందా?

దయచేసి ఈ పని చేయకండి. లోపల నీళ్ళుంటే అడుగు 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, ఒత్తిడిలో ఇంకొంచెం ఎక్కువ. నీళ్ళు లేకపోతే వేడికి పోయే దారి లేదు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర, మెత్తబడేది అంతకు చాలా ముందే. అడుగు కిందికి ఉబ్బుతుంది, లేదా గట్టితనం పోతుంది. పైకి ఏమీ కనిపించకపోవచ్చు, ఆ తర్వాత అదే కుక్కరులో ఒత్తిడి పెడతం. కాపాడే సేఫ్టీ వాల్వు ఉండేది మూతలో. మూత తీసి కాల్చినప్పుడు అది చేసేదేమీ లేదు.

మాది బోరు నీళ్ళు. ఏమైనా తేడా ఉంటుందా?

ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా బోర్ల నీళ్ళు కఠినం, సబ్బు నురగ పట్టదు. నానబెట్టే నీళ్ళకైనా మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వాడితే అదే ద్రవం రెండింతలు పనిచేసినట్టుంటుంది. బోరు నీళ్ళే దిక్కైతే ద్రవం ఒక చెంచా ఎక్కువ వేయండి, చివర తుడవకుండా ఆరనివ్వకండి. ఆరితే తెల్ల చారలు మిగులుతయి, మరుసటి రోజు వాటి మీద జిడ్డు పట్టుకుంటుంది.

కుక్కరు లోపల నీళ్ళ మట్టం దాకా నల్లబడటం కూడా ఇట్లాంటి నీళ్ళ పనే. అది మాడు కాదు, పైన చెప్పిన మూడో రకం. నీళ్ళలో రెండు నిమ్మ చెక్కలు వేసి, మూత పెట్టకుండా పది నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది.

ఎంత పోతే చాలు?

గోరు ఆడిస్తే ఎక్కడా అంచు తగలకపోతే చాలు. కింద పలుచని గోధుమ నీడ మిగిలినా వంటకు నష్టం లేదు, తిండికి అది తగలదు. దళసరి పొరే ఇబ్బంది పెడుతుంది. వేడిని సమానంగా పోనివ్వదు, స్టవ్ మీద కుక్కరు కుదురుగా కూర్చోదు, పెచ్చులు రాలి బర్నరు రంధ్రాల్లో పడుతయి. కొన్నప్పటి అద్దం మెరుపు కోసం రుద్దుతూ పోతే లోహం అరుగుతుందే తప్ప ఇంకేమీ రాదు.

తోమిన వారానికే మళ్ళీ నల్లబడుతోంది. ఎందుకు?

మంట రంగు చూడండి. నీలంగా ఉండాలి. కొనలు పసుపుగా ఊగుతుంటే గ్యాసు సరిగ్గా కాలక మసి వస్తున్నట్టు. బర్నరు చల్లారిన తర్వాత మూత తీసి, రంధ్రాలు సన్నని పిన్నుతో పొడిచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. అప్పటికీ పసుపే ఉంటే గాలి సర్దుబాటు తప్పినట్టు, స్టవ్ మెకానిక్‌ను పిలవాలి.

మంట నీలంగా ఉండి, అంచున మాత్రమే మాడు వస్తుంటే తప్పు పొంగులో ఉంది. పప్పు, నీళ్ళు కలిపి కుక్కరులో సగం దాటకూడదు. మిగతా వంటలకు మూడింట రెండు వంతులు. కందిపప్పులో ఒక చెంచా నూనె వేస్తే నురుగు తగ్గుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి. మూత అంచు నుంచే ఆవిరి, నీళ్ళు కారుతుంటే రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చండి. పొయ్యి మీద పెట్టే ముందు అడుగు ఒక్కసారి పాత గుడ్డతో తుడవడం అలవాటైతే సగం బాధ తప్పుతుంది.

పండుగకో ఫంక్షన్‌కో కట్టెల పొయ్యి మీద పెట్టక తప్పదు. ముందు ఏం చేయాలి?

గిన్నెలు తోమే సబ్బు బిళ్ళను తడిపి అడుగు మీద, పక్కల మీద పలుచని పూత రుద్దండి. మసి సబ్బు మీద కూర్చుంటుంది, లోహం మీద కాదు. చల్లారినంక నీళ్ళు పోస్తే సబ్బుతో పాటే జారిపోతుంది. ఊర్లలో ఎర్రమట్టి పలుచగా పూసేది కూడా ఇందుకే. మట్టిలో రాళ్ళు లేకుండా చూసుకుంటే చాలు. కట్టెల మంట చుట్టుకొని పైకి లేస్తుంది కనుక పిడి కాలకుండా మంట అడుగు దాటనీయకండి. కట్టె మంట చప్పున తగ్గదు, అది కుక్కరు పక్కన మనిషి ఉండాల్సిన వంట.

నలుపు పోయినంక అడుగున గుంటలో ఉబ్బో కనిపించింది. వాడవచ్చా?

నలుపు కింద దాగిన లోపాలు ఇప్పుడే బయటపడతయి, అందుకని ఒకసారి పరీక్ష చేయండి. చదునైన నాపరాయి బండ మీద మూత లేకుండా కుక్కరు పెట్టి, అంచు మీద వేలితో నొక్కండి. కొంచెం ఊగినా అడుగు కిందికి దిగినట్టు. తర్వాత అంచు దాకా నీళ్ళు పోసి, కింద పొడి కాగితం పరిచి గంట వదిలేయండి. కాగితం ఎక్కడైనా తడిస్తే గుంట లోపలికి దారి తీసినట్టు.

గోరు దిగని సూది మొన మచ్చలు, కాగితం పొడి: వాడుకోవచ్చు. ఊగితే, గోరు దిగేంత గుంట ఉంటే, పగులులాంటి గీత కనిపిస్తే, కాగితం తడిస్తే మూత పెట్టి ఒత్తిడితో వండటం ఆపేయండి. సుత్తితో కొట్టి చదును చేయించినా ఆ లోహం మళ్ళీ ముందటి బలానికి రాదు. కారని కుక్కరైతే మూత లేకుండా నీళ్ళు కాచుకోవడానికి పనికొస్తుంది. కారేదాన్ని పాత సామాన్ల కొట్లో తూకానికి వేయండి. మూత, రబ్బరు, విజిల్ బాగున్నయని వేరే కంపెనీ కుక్కరుకు జోడించకండి. కొలతలు దగ్గరగా ఉన్నట్టు కనిపించినా తాళం సరిగ్గా పడదు.